పెచ్చు వెనక సున్నం

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఒత్తులు తప్పిపోతే, గుణింతం ఒకచోట దీర్ఘమై ఇంకోచోట పొట్టిదైతే, మన్నించి చదువుకోండి. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు నెల పట్టింది. చేతికి నిదానం గాని, జరిగింది మాత్రం, చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, కళ్లకు కట్టినట్టే ఉంది.

*

ఆగస్టు నెల చివరి ఆదివారం, పాస్టరు వరదానంగారు ప్రార్థనలో ఉండగా గుడి గోడ బయట ధబ్బున చప్పుడైంది. తడి దుప్పటి బండ మీద పడ్డట్టు. కళ్లు మూసుకున్న వాళ్లందరూ తెరిచారు. పడమటి కిటికీ పక్కన కూర్చున్న సుగుణ ఒక్కతే తెరవలేదు. అది ఏమిటో ఆమెకు చూడక్కర్లేకుండానే తెలుసు. ఆ పెయింటు వేసింది ఆమే.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్లి చూశారు. పడమటి గోడ నుంచి తలుపు రెక్కంత పెయింటు ఒకే ముక్కగా ఊడి, బయట విడిచిన చెప్పుల మీద బోర్లా పడి ఉంది. మే నెల ఎండలకే ఆ గోడంతా వెంట్రుకంత సన్నటి చీలికలు పడ్డాయి. జూలై వానలకు ఆ చీలికల చుట్టూ పెయింటు అప్పడంలా ఉబ్బింది. ఇప్పుడు రాలుతోంది. లేత నీలం గోడలో తెల్లటి మచ్చలు, బొల్లి వచ్చిన ఒళ్లులాగ.

"చూశారా అండీ," అన్నాడు ప్రసాదరావు. ఆయన సంఘపెద్ద. కలిదిండి దగ్గర చేపల చెరువులున్న మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. మెత్తగానే మాట్లాడతాడు, పీట వేసి కూర్చోబెట్టి కొట్టినట్టు. "గుడికి ముప్పై ఏళ్ల పండగని ఏలూరు వెళ్లి, షాపులో ఉన్న వాటిలో అన్నిటికంటే మంచి పెయింటు తెచ్చానండీ. ఎండకీ వానకీ ఏడేళ్లు తట్టుకుంటుందని బక్కెట్టు మీద రాసుంది. ఎనిమిది నెలలు ఆగలేదు. మరి బక్కెట్లో ఉన్నది గోడకెక్కిందా, నీళ్లెక్కాయా?"

సుగుణ జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. "ఏవంటున్నారు బాబాయిగారూ?"

"నేనేవన్నానమ్మా. అడుగుతున్నాను. ఇది వేసిన నెల్లోనే ఉండి ఊళ్లో ఎవరిదో మేడకి నీలం రంగు వేశావు కదా. ఇదే నీలం."

"అది వాళ్లు కొనుక్కున్న పెయింటండీ!"

"అయ్యుండొచ్చు. వచ్చే ఆదివారం ప్రభు బల్ల ఉంది. సంఘం ముందు నిలబడి జరిగింది ఒప్పుకో. ఒప్పుకున్న వాళ్లని క్షమించడానికే కదా మనం ఉన్నది. ఒప్పుకోకుండా మాత్రం బల్లకి రావద్దు."

వరదానంగారు ఏదో అనబోయి కండువా సర్దుకున్నాడు. సుగుణ ఆయన వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

దొంగతనం. దేవుడి గుడి పెయింటులో దొంగతనం. పదమూడేళ్ల వయసులో తాడేపల్లిగూడెంలో ఒక మేస్త్రీ దగ్గర గోడలు గీకడానికి చేరి, ఎనిమిదేళ్లు గీకుతూనే ఉండి, ఆ తరవాత బ్రష్షు చేతికి తీసుకున్న మనిషి సుగుణ. పెదపాడు నుంచి ఉండి దాకా ఆమె చేతి గోడలున్నాయి. ఆడమనిషి పరంజా ఎక్కడమేమిటని నవ్విన వాళ్లే, రెండు వర్షాకాలాలు గడిచాక గోడ చూసి కబురు పెట్టేవారు. ఇప్పుడు ఆ చేతికి దొంగ అనే పేరు. ప్రభువు రొట్టె పంచుకునే బల్ల దగ్గర నుంచి పంపించేసిన మనిషికి ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ గోడ చూపించరు. గోడ సంగతి అటుంచితే, బల్ల దగ్గరకు రావద్దనడానికి ఆయనెవరు?

ఇంటికి వెళ్లి అన్నం వండింది. తినలేదు. గిన్నెలు తోముతూ ఒక గిన్నెకు సొట్ట పెట్టింది.

*

కిందటి డిసెంబరులో జరిగింది ఇది.

ఆ గుడికొక ఆచారం ఉంది. కట్టినప్పటి నుంచి ప్రతి డిసెంబరు మొదటి శనివారం గోడలకు సున్నం వేసుకుంటారు. కూలి వాళ్లు కాదు, సంఘమే. ఇంటికో గజం గోడ. ఎవరి గజం వాళ్లకు తెలుసు. తాత వేసిన చోటే తండ్రి, తండ్రి వేసిన చోటే కొడుకు. కొత్త కోడలు వచ్చిన ఏడాది కుంచె ముందు ఆమె చేతికిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. సున్నం మీద సున్నం, దాని మీద సున్నం. ముప్పై ఏళ్లది. గోరు దించితే గోరంతా దిగేది.

ఆ ఏడు సున్నం వద్దని ఆపించి, ప్రసాదరావు ఏలూరు నుంచి పెయింటు తెచ్చి దింపిన రోజు సుగుణ గోడంతా అరచేత్తో రుద్దుకుంటూ తిరిగింది. చెయ్యి పిండిలో ముంచినట్టు అయింది. తోడు పనిచేసే వీరదుర్గ పక్కనే నిలబడి ఉంది.

"బాబాయిగారూ, ఇదంతా గీకేయాలండీ," అంది సుగుణ. "అడుగున ప్లాస్టింగు కనబడేదాకా గీకి, నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పట్టు కోసం ప్రైమర్ పూత కొట్టి, అప్పుడు వేయాలి. పది రోజుల పని."

"క్రిస్‌మస్‌కి తొమ్మిది రోజులే ఉందమ్మా."

"అయితే ఈ ఏడాదికి సున్నమే వేసేయండి. సున్నం మీద సున్నమైతే పట్టుకుంటుంది. ఎండలు రాకముందు ఫిబ్రవరిలో నేను గీకి చేస్తాను."

"పండక్కి డి.ఎస్.పి. గారిని పిలిచాను. సున్నం గోడ చూపించమంటావా? అయినా గీకడం ఏంటి? అది మా నాన్న చేతి సున్నం. ఎందరో పెద్దల చేతులున్నాయి ఆ గోడ మీద. నువ్వు రేకు పెట్టి గీకుతావా?"

"పెద్దల చేతులే గాని, పిండి పిండేనండీ. మీరు తెచ్చింది రబ్బరు లాగా సాగే పెయింటు. చాలా మంచిది. మంచిది కాబట్టే భయం. ఆరేటప్పుడు ముడుచుకుని లాగుతుంది. ఎంత గట్టి పెయింటైతే అంత గట్టిగా లాగుతుంది. అడుగున పట్టు లేకపోతే సున్నాన్ని కూడా పీక్కుని వచ్చేస్తుంది."

ప్రసాదరావు నవ్వాడు. "కంపెనీ వాళ్లకి తెలియనిది నీకు తెలిసిందన్నమాట. వేసెయ్యమ్మా. బాధ్యత నాది."

వేసేసింది. అక్కడే ఆమెకు కడుపు మండేది. ప్రసాదరావు మీద ఎంత కోపమో తన మీద అంత. సున్నం మీద వేస్తే నిలవదని తెలిసీ, బ్రష్షు కింద పడేసి వెళ్లిపోకుండా ఎందుకు వేసింది? వెళ్లిపోతే ఇంకొకరు వచ్చి వేస్తారని. తన గుడి గోడ ఇంకొకరు వేయడం ఇష్టం లేక. పైగా బాధ్యత నాది అన్నాడు కదా, పెద్దమనిషి అని. ఏడు రోజులు, పొద్దున్నే మంచు తడి ఆరేదాకా ఆగి, రెండు పొరలకీ మధ్య ఆరనిచ్చి, షాపువాళ్లు ఎన్ని నీళ్లు కలపమన్నారో అన్నే కొలిచి కలిపి, ఒళ్లు దాచుకోకుండా వేసింది.

*

సోమవారం పొద్దున పెదపాడులో పని. పరంజా మీద వీరదుర్గకు సంగతంతా చెప్పింది.

"బాధ్యత నాది అన్నాడు కదక్కా! నేను విన్నాను. నా చెవులతో విన్నాను. ఆదివారం నేనూ వస్తాను, గట్టిగా చెప్తాను."

"నువ్వు మా సంఘం కాదుగా. నిన్న బాబాయిగారికి ఫోను చేసి నీ సంగతి చెప్తే అదే అన్నాడు. బయటి మనిషి సాక్ష్యం మన గుడిలో చెల్లదమ్మా అన్నాడు."

"ఓహో. గోడ గీకడానికి బయటి మనిషి చెల్లుద్ది, సున్నం దుమ్ము మింగడానికి చెల్లుద్ది. నోరు మాత్రం చెల్లదేం?" వీరదుర్గ పుట్టీ రేకుని బక్కెట్లోకి విసిరింది. "మీ దేవుడు విన్నాడుగా మరి. ఆయన్ని పిలవండి సాక్ష్యానికి."

సుగుణకు ఆ కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏదో తట్టి, రోలర్ పక్కన పెట్టేసింది.

"సాక్ష్యం మనుషులే చెప్పాలా ఏంటి? గోడ చెప్పదూ?"

"గోడకి నోరుందా?"

"పెచ్చుకి వెనకుంది కదే."

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా గుడికి వెళ్లింది. రాలిపడ్డ పెచ్చులు ఊడ్చి మూలకి చేర్చి ఉన్నాయి. వాటిలో పెద్దవి నాలుగు ఏరి చీర కొంగులో పెట్టుకుంది. గుడి వెనక పాస్టరుగారి సామాన్ల గదికి వెళ్లి దాని గోడ మీద చెయ్యి పెట్టింది. తీసి అరచెయ్యి చూసుకుంది. ఆ తరవాత వారమంతా పెదపాడు పనికే వెళ్లి వచ్చింది. ఊళ్లో కొళాయి దగ్గర ఎవరో "పాపం, పిల్లల కోసం చేసుంటుందిలే" అన్నారు, జాలిగా. తిట్టినా అంత మండేది కాదు.

*

బల్ల ఆదివారం గుడి నిండింది. అటు బెంచీల్లో మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు. బల్ల మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. పాట అయ్యాక ప్రసాదరావు లేచాడు.

"మన సహోదరి సుగుణ రెండు మాటలు చెబుతుందండీ. అందరూ ప్రేమగా వినండి."

సుగుణ లేచి ముందుకు నడిచింది. కొంగు విప్పి, పెచ్చులు తీసి బల్ల పక్కనున్న స్టూలు మీద పరిచింది. గుడిలో గుసగుస బయల్దేరింది.

"నేను ఒప్పుకోవలసింది ఒకటుందండీ," అంది. ప్రసాదరావు తల మెల్లగా ఊపాడు. "గీకకుండా వేస్తే నిలవదని తెలిసి కూడా వేశాను. అది నా తప్పు. దానికి మీ అందరినీ క్షమాపణ అడుగుతున్నాను. ఎక్కువ నీళ్లు కలిపానని, పెయింటు దొంగిలించానని మాత్రం ఒప్పుకోను. చేయనిది దేవుడి ముందర నిలబడి చేశానని ఎలా చెప్తానండీ? అది ఇంకో పాపం కాదా?"

"అమ్మా సుగుణా..." అన్నాడు ప్రసాదరావు.

"నేను మాట్లాడుతున్నాను బాబాయిగారూ." ఆ మాటకు ఆడవాళ్ల వైపు ఎవరో నాలుక కరుచుకున్నారు. "అయ్యగారూ, మీరిలా రండి. ఈ పెచ్చు పట్టుకోండి. వంచండి."

వరదానంగారు పట్టుకుని వంచాడు. పెచ్చు ఆకులా వంగింది, విరగలేదు.

"లాగండి. తెగిందా? సాగింది. నీళ్లెక్కువైన పెయింటు అయితే పలచగా, పెళుసుగా ఉంటుందండీ. ఎండకి మాడి, వేలితో రాస్తే రంగు వేలికే వచ్చేస్తుంది. పైవైపు రుద్దండి. ఏవన్నా వచ్చిందా? రాలేదు. పెయింటు దుక్కలా ఉంది. ఇప్పుడు వెనక్కి తిప్పండి."

వరదానంగారు తిప్పాడు. పెచ్చు వెనక అంతా తెల్లగా, బిళ్లలు బిళ్లలుగా మందంగా ఉంది. బొటనవేలితో రుద్దాడు. వేలు తెల్లబడింది. పొడి ఆయన పంచె మీద రాలింది.

"అది సున్నం. ముప్పై ఏళ్ల సున్నం. పెయింటు సున్నాన్ని వదల్లేదండీ, గట్టిగా పట్టుకుంది. సున్నమే గోడని వదిలేసింది. మే నెలలో మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకే దాకా ఆ పడమటి గోడ కాలుద్ది. పెయింటు సాగి, ముడుచుకుని, సాగి, ముడుచుకుని సన్నగా చీలింది. ఆ చీలికల్లోంచి వాన దిగింది. లోపలి పిండి నానింది. ఇంకేం పట్టుకుని ఉంటుందండీ గోడకి?"

"కథలు బాగా చెబుతున్నావమ్మా," అన్నాడు ప్రసాదరావు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "అలాగైతే ప్రతి సున్నం గోడా ఊడిపోవాలి."

"ఊడుద్దండీ. అంతా ఒకసారి వెనక సామాన్ల గది దగ్గరికి వస్తారా? రెండు నిమిషాలు."

ఎవరూ కదల్లేదు. అప్పుడు మూడో వరసలోంచి జాయ్సీ లేచింది. హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరు. ఆమె లేచేసరికి ఆడవాళ్లంతా లేచారు. మగవాళ్లకు ఇక తప్పలేదు.

సామాన్ల గది రెండేళ్ల కిందట కట్టినది. దాని గోడ కూడా పడమటికే. దానికి అడ్డం ఏ చెట్టూ లేదు. గోడంతా నున్నగా, నీలంగా, వాన కడిగిన పళ్లెంలాగ ఉంది. ఒక్క చీలిక లేదు.

"ఈ గోడ కూడా నేనే వేశానండీ. అదే రోజు, అదే బక్కెట్టు, అదే చెయ్యి. ఇదే ఎండ, ఇదే వాన. దీనికి ఎవరూ సున్నం వేయలేదు. కొత్త గది కదా, ఏ ఇంటి గజమూ కాదు. ప్లాస్టింగు మీద ప్రైమరు, దాని మీద పెయింటు. నేను నీళ్లెక్కువ కలిపి దొంగిలిస్తే, ఈ గోడకి మాత్రం మంచిది మిగల్చాలని నాకు మనసెందుకు పుట్టిందండీ?"

గోడను నిమిరి చూసిన ఒక ముసలాయన తన అరచెయ్యి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది.

గది పక్కన కొళాయి కింద, చేతులు కడుక్కోవడానికి నీళ్లు పట్టి పెట్టిన ఆ నీలం పెయింటు బక్కెట్టే ఒకటి ఉంది. అలాంటిది ఊళ్లో ప్రతి ఇంట్లో ఒకటి ఉంది. జాయ్సీ టీచరు దాన్ని వంచి నీళ్లు పారబోసి, తిప్పి చదవడం మొదలుపెట్టింది. అందరూ చూస్తున్నారు.

"పెద్దక్షరాల్లో ఏడేళ్లని ఉంది, నిజమే ప్రసాదరావుగారూ," అంది. "వెనక చిన్నక్షరాల్లో ఇంగ్లీషులో ఇంకా ఉందండీ. రాలే పొరలు, సున్నం, పొడి, పాత పెయింటు పెచ్చులు పూర్తిగా తీసేసి, గోడ బాగా ఆరాక ప్రైమర్ కొట్టి వేయాలట. అలా చేయకపోతే ఈ హామీ వర్తించదట." ఆమె కళ్లజోడు తీసింది. "ఎనిమిది నెలల నుంచి దీంట్లో చేతులు కడుక్కుంటున్నాం. ఒక్కరమూ చదవలేదు. నేనూ చదవలేదు."

"ఆ సంగతి నాకెవరు చెప్పారండీ?" అన్నాడు ప్రసాదరావు.

ఇంతసేపూ సుగుణ అణచుకున్నదానికి అక్కడ కట్ట తెగింది.

"నేను చెప్పాను! గుడి గోడ దగ్గరే నిలబడి చెప్పాను. పది రోజులు పడుతుందన్నాను. ఫిబ్రవరిలో చేస్తానన్నాను. ఆ ఏడాదికి సున్నమే వేయమన్నాను. మీరు డి.ఎస్.పి. గారు వస్తున్నారన్నారు. మా నాన్న చేతి సున్నం అన్నారు. బాధ్యత నాది అన్నారు. ఆ బాధ్యత నెత్తి మీద పడేసరికి నన్ను దొంగని చేశారు. ఎవరిని దొంగని చేస్తున్నారో చూసుకోవద్దా బాబాయిగారూ? నా కూతురు నిన్న బడి నుంచి వచ్చి, అమ్మా మనం గుడి పెయింటు తీశామా అని అడిగింది. ఏం చెప్పమంటారు దానికి?"

వరదానంగారు గొంతు సవరించుకున్నాడు. "సుగుణమ్మా, సత్యం తేలింది. దేవుడికి స్తోత్రం. పద, లోపలికి వెళ్లి బల్లలో పాల్గొందాం. అందరం ఒకరినొకరం క్షమించుకుందాం."

"మీరు ముందే అడిగుండాల్సింది అయ్యగారూ, నాకేమైనా చెప్పాలనుందా అని. వారం రోజులు దొరికాయి మీకు." ఆయన తల దించుకున్నాడు. "నేను లోపలికి వస్తాను. బల్ల ప్రభువుది, నేనెందుకు రాను? కాని ముందు డిసెంబరులో నేనేం చెప్పానో, ఆయనేం అన్నారో ఆయన నోటితో చెప్పాలి. లోపలే చెప్పాలి. నన్నెక్కడ నిలబెట్టారో అక్కడే."

అందరూ మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నారు. ప్రసాదరావు బల్ల పక్కన నిలబడ్డాడు. నేల వైపు చూశాడు. ఆయన పెదాలు కదిలాయి.

"ఆవిడ చెప్పింది... గీకమని. నేనే వద్దన్నాను."

"వెనక బెంచీకి వినబడలేదండీ," అంది సుగుణ.

ప్రసాదరావు తలెత్తాడు. ఈసారి, ఆయన జీవితంలో మొదటిసారేమో, గొంతు పెంచాడు.

"సుగుణ గీకమని చెప్పింది. నిలవదని చెప్పింది. నేను వినలేదు. బాధ్యత నాదని వేయించాను. ఆవిడ దొంగతనం చేయలేదు. నేను అబద్ధమాడాను." సుగుణ వైపు తిరిగి, "క్షమించమ్మా," అన్నాడు.

"విన్నానండీ," అంది సుగుణ. క్షమించానని అనలేదు. అది ఆ పూటకి నోటికి రాలేదు. నోటికి రానిది అనడం ఆమెకు చేతకాదు. రొట్టె పళ్లెం తన దగ్గరకు వచ్చినప్పుడు తీసుకుంది.

బయటకు వచ్చాక మగవాళ్లు నలుగురు ఆమె చుట్టూ చేరారు. ఏ పెయింటు వేయాలి, ఇప్పుడు గీకేద్దామా అని.

"ఇప్పుడు గీకితే వాన తడి గోడలోకి దిగుద్ది. వానలు పోయి, డిసెంబరు మంచు పోయి, గోడ పొడిగా తగిలినప్పుడు. జనవరి ఆఖర్న. ఎవరి గజం వాళ్లే గీకాలి. మీ తాతల సున్నం నేను గీకను, ఇంకో మాట పడను. ఆ తరవాత కడగడం, చీలికలు పూడ్చడం, ప్రైమరు, బయట గోడలకి వేసే ఎమల్షన్ రెండు పొరలు, నేను చేస్తాను. లేత రంగే వేయాలి, ముదురు రంగు ఎండని పీల్చుకుంటుంది. పిట్టగోడకి మాత్రం ఆ రబ్బరు పెయింటు వాడదాం, అక్కడ సన్న చీలికలు ఎక్కువ."

"కింద మూడడుగులు?" అన్నాడొకాయన. గోడ అడుగున ఉప్పు పొంగి ఉంది, పక్క చెరువు చెమ్మ.

"అక్కడ ఏ కంపెనీ పెయింటూ నిలవదు. నేల నుంచి చెమ్మ ఎక్కుతోంది, మీరు పైన మూత పెడితే లోపల ఉప్పు ఉబ్బి తన్నుద్ది. ముందు చెమ్మ ఆపండి. అప్పటిదాకా అక్కడ సున్నమే ఉంచండి, అది గాలి పీల్చనిస్తుంది. మీ ఇంటికో గజం ఆచారం అక్కడ చేసుకోండి. ఎవరూ కాదనరు."

గేటు దగ్గర ఆటోలో వీరదుర్గ కూర్చుని ఉంది. లోపలికి రానివ్వరని తెలిసీ వచ్చింది.

"ఏవైందక్కా? ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. రెండుసార్లు."

"మరి మొహం అలా పెట్టావేం? కోపం పోలేదా?"

"పోలేదు," అంది సుగుణ, ఆటో ఎక్కుతూ. "జనవరి దాకా ఉంచుకుంటాను. ముప్పై ఏళ్ల సున్నం వాళ్ల చేత గీకించాలిగా. పోనీయవయ్యా ఆటో."

*

మట్టా కనకరత్నం
వయసు అరవై ఎనిమిది
ప్రస్తుతం తాడేపల్లిగూడెంలో చిన్నమ్మాయి ఇంట్లో ఉంటున్నాను